ప్రతి మాట మధ్యా చప్పట్లు పెడితే ఎదుటివాళ్లకు ఏం వినిపిస్తుంది?

ప్రశ్న: మా టీమ్‌లో ఆరుగురం. పంపే ప్రతి ఫైలు పేరులో తేదీ ఉండాలని గ్రూపులో మూడుసార్లు చెప్పాను. మాలో ఒక పెద్దావిడ మాత్రం ప్రతిసారీ తేదీని ఫైలు లోపల, మొదటి పేజీలో రాసి పంపుతున్నారు. నాలుగోసారి నేను "ఫైలు 👏 పేరులో 👏 తేదీ 👏 రాయండి 👏" అని పెట్టాను. ఇంగ్లీషులో చాలామంది ఇలా రాస్తుంటారు కదా, గట్టిగా గుర్తుండాలనే పెట్టాను. ఆవిడ "నేనేమైనా చిన్నపిల్లనా అమ్మా?" అని రాసి, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. కాసేపటికి ఇంకో అబ్బాయి "తుమ్మినా 👏 దగ్గినా 👏 తేదీ 👏 రాయాలి 👏" అని పెడితే అందరూ నవ్వారు. అది సరదానా, నన్ను వెక్కిరించడమా? అదే వారం మా చెల్లి పరీక్ష పాసైతే "నువ్వు 👏 సాధించావు 👏" అని పెట్టాను, మురిసిపోయింది. ఒకే బొమ్మకి ఎందుకింత తేడా?

సమాధానం: ఆవిడ లేనిది ఊహించుకుని నొచ్చుకోలేదని ముందే చెప్పాలి. మీరు రాసిన వాక్యంలో ఆ స్వరం నిజంగానే ఉంది. మీ మనసులో లేకపోయినా వాక్యంలోకి వచ్చేసింది. అది ఎలా వచ్చిందో చూస్తే మీ మూడు సందేహాలూ ఒకేచోట తేలిపోతాయి.

ముందు తెరమీది బొమ్మను వదిలేసి, నిజమైన చేతుల సంగతి చూద్దాం. గట్టిగా ఏదైనా చెబుతున్నప్పుడు మన చేతులు ఊరుకోవు. మాట పడేచోట వేలు కిందికి దిగుతుంది, అరచెయ్యి బల్లను తాకుతుంది. ఆ కదలికకు విడిగా అర్థమేమీ ఉండదు. "రా" అని చేత్తో పిలిస్తే అది మాట లేకుండానే అర్థమవుతుంది, ఇది అలా కాదు. మాటకు తాళం వెయ్యడమే దీని పని. చేతి సైగల మీద పరిశోధన చేసిన డేవిడ్ మెక్‌నీల్ 1992లో చేసిన వర్గీకరణలో ఇలాంటి వాటిని బీట్ సైగలు అన్నారు. ఎమోజీలను మనం రాతలో చేసే సైగలుగా చూడాలని చెప్పిన భాషావేత్త గ్రెచెన్ మెక్‌కలక్ మాటల మధ్య వచ్చే ఈ చప్పట్లను కూడా అదే కోవలో పెట్టారు. నాకు అది సరైన మాటే అనిపిస్తుంది. వాక్యం చివర వరసగా 👏👏👏 అని పెడితే అది మెచ్చుకోలు. అదే బొమ్మ మాటకూ మాటకూ మధ్య పడితే మెచ్చుకోలు కాదు, దరువు. మెచ్చుకోలుకీ దరువుకీ కలిపి బొమ్మ ఒక్కటే, కాబట్టి మీరు వేసింది ఏదో చదివేవాళ్లకు చెప్పేది దాని స్థానమే.

ఈ దరువు ఇంటర్నెట్‌లో పుట్టలేదు. అమెరికాలో నల్లజాతి స్త్రీల మాటతీరులో ఇది ముందునుంచీ ఉంది. ఒక విషయాన్ని ఖచ్చితంగా చెప్పాల్సినప్పుడు మాటలోని ఒక్కో అక్షరం మీద ఒక్కో చప్పట్టు కొడుతూ చెబుతారు. రాబిన్ థీడ్ అనే నల్లజాతి హాస్యనటి 2016లో ఒక టీవీ కార్యక్రమంలో ఈ అలవాటును ప్రేమగా, నవ్విస్తూ వివరించి చూపించారు. ఆ మాటతీరులో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, అది ఎదురెదురుగా నిలబడి మాట్లాడేటప్పటిది. ముఖం కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది, పక్కనున్నవాళ్లు "అదీ!" అని తోడవుతారు. కోపమో, చనువో, స్నేహితురాలి తరఫున పౌరుషమో చూడగానే తెలిసిపోతుంది. రెండు, చప్పట్టు మాటతోపాటే పడుతుంది. రెండూ ఒక్క క్షణంలో జరుగుతాయి కాబట్టి మాట వేగం పెద్దగా తగ్గదు.

రాతలోకి వచ్చేసరికి ఆ రెండూ పోయాయి. ముఖం లేదు, గొంతు లేదు. చప్పట్టు మాట మీద పడలేదు, మాట పక్కన కూర్చుంది. అందుకని చదివేవాళ్లు ఒక మాట చదివి, ఆగి, ఒక దెబ్బ విని, మళ్లీ ఇంకో మాట చదవాలి. "ఫైలు. ఠప్. పేరులో. ఠప్. తేదీ. ఠప్. రాయండి. ఠప్." మామూలు జీవితంలో ఇలా ఒక్కో మాటా విడదీసి, మధ్యలో ఆగుతూ ఎవరితో మాట్లాడతాం? వినపడనివాళ్లతో, ఇంకా మాటలు నేర్చుకుంటున్న పిల్లలతో, లేదా "ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అనే స్థితికి వచ్చేశాక ఎదుటి మనిషితో. మీ టీమ్‌లోని పెద్దావిడ "చిన్నపిల్లనా" అన్న మాటనే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. ఆ వేగం ఎవరితో మాట్లాడే వేగమో ఆవిడ సరిగ్గా గుర్తుపట్టారు.

అసలు కీలకం ఇంకొకటి ఉంది. మామూలుగా ఒక వాక్యంలో నొక్కు ఒక్క మాట మీదే పడుతుంది. "నేను రేపు వస్తాను" అనే వాక్యాన్నే చూడండి. "నేనే రేపు వస్తాను" అంటే ఇంకొకరు రారని. "నేను రేపే వస్తాను" అంటే ఎల్లుండి కాదని. ఒక్క ఏకారం చేర్చితే చాలు, దేన్ని పట్టించుకోవాలో వినేవాళ్లకు తెలిసిపోతుంది. తెలుగుకు ఇంత చక్కటి సాధనం ఉంది. చప్పట్లు చేసే పని దీనికి పూర్తిగా వేరు. అవి అన్ని మాటల మీదా సమానంగా పడతాయి. అన్నీ సమానంగా ఎత్తుకుంటే ఏదీ ఎత్తులో లేనట్టే కదా. మరి బలం ఎక్కడికి పోతుంది? వాక్యంలోని ఏ మాటకూ చేరక, చెప్పడం అనే చర్య మీదికి పోతుంది. "ఇది నేను మళ్లీ చెప్పాల్సి వస్తోంది" అనే భావం మీదికి పోతుంది. అందుకే ఈ రాతలో విషయం కన్నా చెప్పేవాళ్ల ఉద్వేగం ముందు వినిపిస్తుంది. ఆ ఉద్వేగం సంతోషమైతే సంతోషం, విసుగైతే విసుగు.

ఇప్పుడు మీ వాక్యానికి వద్దాం. ఆవిడ తేదీ రాయడం లేదా? రాస్తున్నారు, మొదటి పేజీలో రాస్తున్నారు. అంటే "తేదీ రాయండి" అనేది ఆవిడ దృష్టిలో ఎప్పుడో పూర్తయిన పని. ఆవిడకు చేరనిది ఒక్క మాట, "పేరులో". మొదటి మూడుసార్లూ కూడా ఆ మాట మిగతావాటితో కలిసి మామూలుగా వెళ్లిపోయి ఉంటుంది. నాలుగోసారి మీరు నాలుగు మాటలకూ సమానంగా దరువు వేశారు. ఆవిడకు అవసరమైన ఒక్క మాటా మళ్లీ గుంపులో కలిసిపోయింది. కొత్త సమాచారం ఏమీ అందలేదు, విసుగు మాత్రం అందింది. చేస్తున్న పనినే చెయ్యడం లేదని నలుగురిలో దరువేసి చెప్పినట్టు ఆవిడకు అనిపించి ఉంటుంది. నేనైనా బాధపడేదాన్నే.

దీనికి బదులు "తేదీ లోపలి పేజీలో కాదండీ, ఫైలు పేరులోనే ఉండాలి. ఉదాహరణకు ఇలా: `report_2025-03-14`" అని ఉంటే ఒక్క "పేరులోనే" అన్న మాట పని ముగించేది. ఏది కాదో చెప్పారు, ఏది కావాలో చెప్పారు, కంటికి కనిపించే నమూనా ఇచ్చారు. ఎవరైనా ఒక సూచనను మూడుసార్లు ఒకేలా తప్పుగా చేస్తున్నారంటే, చాలాసార్లు వాళ్లు వినకపోవడం కాదు, ఆ మాటలను ఇంకో అర్థంలో విన్నారని. అక్కడ గొంతు పెంచితే ఆ ఇంకో అర్థమే ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

మీరు ఇంగ్లీషులో చూసి తెలుగులో వాడారని రాశారు. అక్కడ కూడా ఒక తేడా వచ్చిపడింది, దాని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఇంగ్లీషులో ఆజ్ఞ చెప్పే క్రియ వాక్యం మొదట్లోనే వస్తుంది. ఏం చెయ్యమంటున్నారో మొదటి దెబ్బకే తెలిసిపోతుంది, మిగతా దెబ్బలు దాన్ని పూర్తి చేస్తాయి. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఫైలు, ఠప్, పేరులో, ఠప్, తేదీ, ఠప్... ఇప్పటిదాకా ఏమంటున్నారో తెలియదు. ఏదో రాబోతోందని మాత్రం తెలుస్తుంది. దెబ్బదెబ్బకూ బిగువు పెరిగి, ఆ బిగువంతా చివరి "రాయండి" మీద పడుతుంది. పైగా చివరి చప్పట్టు దాని తరువాత పడింది, వాక్యం అయిపోయాక బల్ల చరిచినట్టు.

ఆ "రాయండి"లోనే ఇంకో చిక్కు ఉంది. "అండి" మర్యాద కోసం వచ్చింది. పెద్దావిడ కాబట్టి మీరు సహజంగానే ఆ రూపం వాడారు. చప్పట్లు మాత్రం మర్యాద అక్కర్లేనంత చనువున్నవాళ్లతోనో, మర్యాద తీసేసిన కోపంలోనో వచ్చేవి. ఒకే వాక్యంలో మాట "మీరు" అంటోంది, దరువు "నువ్వు" అంటోంది. ఈ రెండూ పొసగనప్పుడు చదివేవాళ్లు దరువునే నమ్ముతారు, ఎందుకంటే మర్యాద రూపం అలవాటుగా వచ్చేది, దరువు పని గట్టుకుని వేసేది. ఒక్కో బొమ్మా వెతికి, నొక్కి, చేర్చాలి కదా. అంత శ్రమపడి పెట్టారంటే కావాలనే పెట్టారని అనుకుంటారు. మీ చెల్లితో మీకు "నువ్వు" చనువే ఉంది కాబట్టి అక్కడ మాటా దరువూ ఒకే వైపు నడిచాయి.

తెలుగు మాటలు పొడవుగా ఉండటం వల్ల కూడా ఈ దరువు బరువెక్కుతుంది. ఇంగ్లీషులో ఆరేడు చిన్న మాటలు పట్టేచోట మనకు ప్రత్యయాలన్నీ అతుక్కుపోయి మూడు నాలుగు మాటలే వస్తాయి. దెబ్బలు తక్కువైనా ఒక్కోటీ పెద్ద మాట తరువాత పడుతుంది. కొందరు ఇది చాలక మాటనే విడగొట్టి "చె 👏 ప్పా 👏 ను" అని రాస్తుంటారు. దయచేసి అది మాత్రం ఎవరితోనూ, ఎంత చనువున్నా, తప్పు చూపించేటప్పుడు వాడకండి. అక్షరాలు విడగొట్టగానే అది మాట్లాడటం ఆగిపోయి, ఓనమాలు దిద్దించడం అవుతుంది.

మరి మీ చెల్లి ఎందుకు మురిసిపోయింది? చనువు ఒక్కటే కారణం కాదు. "నువ్వు సాధించావు" అనే వాక్యం తనలో లోటు చూపించదు. అది తనకు తెలిసిన విషయమే, అయినా మళ్లీ మళ్లీ వినాలని ఉండే విషయం. నెమ్మదిగా, ఒక్కో మాటా ఆగి చెప్పడం అక్కడ తొందరపడకుండా ఆనందించడం అవుతుంది. సంతోషకరమైన మాటను సాగదీస్తే తియ్యగా ఉంటుంది, ఫిర్యాదును సాగదీస్తే గుచ్చుకుంటుంది. ఇంకో సంగతి, అక్కడ చప్పట్ల రెండు అర్థాలూ కలిసి పనిచేశాయి. దరువూ ఉంది, మెచ్చుకోలూ ఉంది. మీ ఆఫీసు వాక్యంలో మెచ్చుకోవడానికి ఏమీ లేదు కాబట్టి దరువు ఒక్కటే మిగిలింది. అంతకన్నా కష్టం ఏమిటంటే, తప్పు చేశారనే సందర్భంలో చప్పట్లు కనబడితే కొందరికి అది "భేష్, బాగా చేశావు" అని దెప్పుతున్నట్టు కూడా తగులుతుంది. ఎవరైనా పొరపాటు చేసినప్పుడు నెమ్మదిగా ఒక్కో చప్పట్టూ కొట్టి అవమానించడం మనకు తెలిసిందే. ఆ జ్ఞాపకం ఈ బొమ్మకు అంటుకునే ఉంటుంది.

ఆజ్ఞ అయితేనే కటువని కూడా అనుకోకండి. రాయడం మానేద్దామని నేను దిగులుగా ఉన్న రోజుల్లో మా మేనకోడలు "అత్తా 👏 నువ్వు 👏 రాయడం 👏 ఆపకు 👏" అని పంపింది. వ్యాకరణం చూస్తే అది నన్ను శాసిస్తున్న వాక్యమే. పైగా నేను తనకన్నా పెద్దదాన్ని. అయినా ఆ సందేశం చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి, ఇప్పటికీ తీసెయ్యలేదు. ఎందుకంటే తను నన్ను చెయ్యమన్నది నేను లోలోపల చెయ్యాలనుకుంటున్నదే. తను నాకు ఎదురుగా నిలబడి దరువు వెయ్యలేదు, నా పక్కన నిలబడి నా భయానికి ఎదురుగా వేసింది. మీరు ఈ రాత వాడే ముందు చూసుకోవాల్సింది ఇదే. ఈ దెబ్బలు ఎవరి వైపు తిరిగి ఉన్నాయి? చదివే మనిషి వైపా, లేక మీరిద్దరూ కలిసి ఎదుర్కొంటున్న దాని వైపా? స్నేహితురాలికి అన్యాయం జరిగినప్పుడు "నీ 👏 తప్పు 👏 కాదు 👏" అని రాస్తే ఆమెకు బలం వస్తుంది, ఎందుకంటే దెబ్బలన్నీ ఆమెను నిందించినవాళ్ల మీద పడుతున్నాయి. అదే స్నేహితురాలికి "ఇక 👏 అతన్ని 👏 మర్చిపో 👏" అని రాశామనుకోండి, ఆమె ఇంకా మరిచిపోలేని స్థితిలో ఉంటే అది ఓదార్పు కాదు, తరమడం.

తేల్చుకోలేనప్పుడు ఒక పని చెయ్యండి. పంపేముందు ఆ వాక్యాన్ని పైకి చదువుతూ, బొమ్మ ఉన్న ప్రతిచోటా నిజంగా చప్పట్టు కొట్టండి. ఎదురుగా ఆ మనిషే కుర్చీలో కూర్చుని ఉన్నారనుకోండి. మీరు నలుగురి ముందు ఆ పెద్దావిడ మొహంలో మొహం పెట్టి నాలుగుసార్లు చప్పట్లు కొడుతూ ఆ మాట చెప్పగలరా? చెప్పలేరు, మధ్యలోనే చేతులు ఆగిపోతాయి. మీ చెల్లి ముందైతే హాయిగా కొట్టేస్తారు.

ఇక ఆ అబ్బాయి సంగతి. ఇక్కడ చప్పట్లు మూడో పని చేశాయి. మీరు దరువు వేసింది మీరు నమ్మిన మాటకు. అతను రాసిన మాటను అతనే నమ్మడు. తుమ్మినా దగ్గినా తేదీ రాయాలని ఎవరూ అనుకోరు. అంటే అతను విషయం గురించి మాట్లాడటం లేదు, ఒక మాట్లాడే తీరును అనుకరిస్తున్నాడు. ఈ రాత బాగా వ్యాపించాక ఇంగ్లీషులోనూ ఇదే జరిగింది. మొదట నిజాయితీగా నినాదాలకు వాడారు. వాడి వాడి అది "ఎప్పుడూ బోధించే మనిషి" గుర్తుగా మారిపోయింది. ఆ తరువాత అలాంటివాళ్లను ఆటపట్టించడానికి అర్థంపర్థం లేని వాక్యాలకు చప్పట్లు తగిలించడం మొదలైంది. ఇప్పుడు ఇంగ్లీషులో ఎవరైనా నిజాయితీగా రాసినా, చదివేవాళ్లలో కొందరికి ముందు ఆ వెక్కిరింతే గుర్తొస్తుంది.

వెక్కిరింతను గుర్తుపట్టడం కష్టం కాదు. వాక్యంలో విషయం అతిగా సాగి ఉంటుంది, లేదా అవతలివాళ్ల మాటల్నే యథాతథంగా తీసుకుని మధ్యలో చప్పట్లు చేర్చి ఉంటారు. రెండోది ఎక్కువ బాధపెడుతుంది. ఎవరైనా శాంతంగా "నాకు ఇంకాస్త టైమ్ కావాలి" అంటే, దాన్నే "నాకు 👏 ఇంకాస్త 👏 టైమ్ 👏 కావాలి 👏" అని తిరిగి రాయడం వాళ్లు అనని గొంతును వాళ్ల నోట్లో పెట్టడమే. మీ టీమ్‌లోని అబ్బాయి చేసింది ఇది కాదు. మాట మార్చి, అతిగా సాగదీశాడు. పెద్దావిడ నొచ్చుకుని గ్రూపంతా బిగుసుకుపోయినప్పుడు ఆ బిగువు సడలించాలని చూసి ఉంటాడని నాకు అనిపిస్తోంది. కానీ అతను అనుకరించింది మీ తీరునే, అందులో సందేహం లేదు. మిమ్మల్ని చులకన చెయ్యాలని కాకపోయినా, మీ సందేశం గ్రూపులో అందరికీ ఎలా వినిపించిందో అతని వాక్యం చూపించింది. నవ్విన నలుగురూ దాన్ని వెంటనే గుర్తుపట్టారంటే కారణం అదే. కాబట్టి అతన్ని ప్రశ్నించకండి, అదే తీరులో జవాబూ ఇవ్వకండి. మళ్లీ మళ్లీ మీరు ఏం రాసినా ఇలాగే తిప్పికొడుతుంటే మాత్రం, అప్పుడు విడిగా పిలిచి "అది నాకు ఇబ్బందిగా ఉంది" అని సూటిగా చెప్పండి.

పెద్దావిడకు మాత్రం ఇవాళే రాయండి, లేదా ఇంకా మంచిది, ఫోన్ చెయ్యండి. గ్రూపులో కాదు. "ఆ బొమ్మ నేను వేరే ఉద్దేశంతో పెట్టాను, మీరు తప్పుగా అనుకున్నారు" అని మొదలుపెట్టకండి. అలా అంటే తప్పు ఆవిడ చదవడంలోకి పోతుంది. "నేను రాసిన తీరు మిమ్మల్ని నలుగురిలో మందలించినట్టు ఉంది, అలా రాయకుండా ఉండాల్సిందండీ. మీరు తేదీ రాస్తూనే ఉన్నారు, ఎక్కడ రాయాలో నేనే సరిగ్గా చెప్పలేదు" అనండి. ఇందులో మర్యాద కోసం చెప్పే అబద్ధం ఒక్కటీ లేదు, అన్నీ జరిగినవే. ఆ తరువాత గ్రూపులో పాత సందేశాన్ని తీసేసి, నమూనా పేరుతో ఉన్న కొత్త సందేశం పెట్టండి. దాన్ని ఎవరికీ ఉద్దేశించకుండా, అందరికీ కలిపి రాయండి.

పాతదాన్ని తీసెయ్యమనడానికి ఇంకో చిన్న కారణం కూడా ఉంది. తరువాత ఎవరైనా గ్రూపులో "ఫైలు పేరులో తేదీ" అని వెతికితే, మాటల మధ్య బొమ్మలు ఉండటం వల్ల ఆ వాక్యం సరిగ్గా దొరకకపోవచ్చు. చూపు లేనివాళ్ల సంగతి అంతకన్నా ముఖ్యం. వాళ్లు వాడే స్క్రీన్ రీడర్ బొమ్మ వచ్చినచోటల్లా దాని పేరు పైకి చదువుతుంది. మీ నాలుగు మాటల వాక్యంలో "చప్పట్లు కొడుతున్న చేతులు" అనే లాంటి మాట నాలుగుసార్లు వినాలి. నినాదంలో అయితే ఓపిక పట్టవచ్చు, పనికి సంబంధించిన సూచనలో అది సూచననే ముంచేస్తుంది.

ఇంగ్లీషు గ్రూపుల్లో కూడా ఉంటారు కాబట్టి ఒక్క మాట. 2015 నుంచి ఈ బొమ్మ చర్మపు రంగు మార్చుకునే వీలుంది. ఈ దరువు నల్లజాతి స్త్రీల మాటతీరు నుంచి వచ్చిందని చెప్పాను కదా. ఆ సమాజానికి చెందనివాళ్లు ముదురు రంగు చేతులు ఎంచుకుని మరీ ఈ తీరులో రాస్తే, తమ గొంతును వేషంగా వేసుకుంటున్నారని అక్కడివాళ్లు అభ్యంతరం చెబుతుంటారు. అది న్యాయమైన అభ్యంతరమే. మామూలు పసుపు రంగే ఉంచండి.

రేపో మాపో ఆ పెద్దావిడ దగ్గర్నుంచి పేరులో తేదీ ఉన్న మొదటి ఫైలు వస్తుంది. దాని కింద మెచ్చుకోలుగా ఒక్క 👏 పెట్టాలని మీకు అనిపిస్తుంది. ఈ ఒక్కసారికి ఆగండి. మీ ఇద్దరి మధ్యా ఆ బొమ్మకు ఇప్పుడు ఒక గతం ఉంది, అది మళ్లీ దెప్పినట్టే తగలొచ్చు. "అందిందండీ" అని రాయండి, చాలు.